ఫ్లైట్ ఆలస్యమైంది సర్, రేపు టైముకి రాలేకపోవచ్చు

ఊళ్ళో ఉండి ఆఫీసుకు లేటవుతుందని చెప్పడం పెద్ద పనేం కాదు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామని ఒక ఫోన్ కొడితే సరిపోతుంది. విదేశం నుంచి వస్తూ మధ్యలో విమానం మారాల్సి ఉంటే మాత్రం లెక్క వేరు. ఎంత ఆలస్యమవుతుందో మనకు ఖాయంగా తెలిసేసరికి హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటుతుంది. మేనేజర్ నిద్రపోతూ ఉంటారు, మన బదులు పని చేయాల్సినవాళ్ళూ నిద్రపోతూ ఉంటారు. వాళ్ళు మేలుకుని ఉండే వేళకు మన చేతిలో ఉండేది అనుమానం మాత్రమే. ఆ అనుమానాన్ని అప్పుడే చెప్పాలా, తేలేదాకా ఆగాలా అన్నదే నాకు ఎదురైన ప్రశ్న.

ఇది 2024 మే సంగతి. నేను హైదరాబాద్‌లో మందుల డిస్ట్రిబ్యూషన్ చేసే ఒక భాగస్వామ్య సంస్థలో అకౌంట్స్ చూస్తాను. అక్క కాన్పుకని ముందే వెళ్ళిన అమ్మ మాంచెస్టర్‌లో నెలలు గడిపింది. ఇంగ్లండ్ విజిటర్ వీసా మీద ఒకసారి వెళితే ఆరు నెలలకు మించి ఉండకూడదు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, ఇంగ్లీషు రాదు, ఒంటరి ప్రయాణమంటే భయం. అందుకని నేను సెలవు పెట్టి వెళ్ళి, పాపని చూసి, అమ్మని వెంటబెట్టుకుని రావాలన్నది ఏర్పాటు. తిరుగు టికెట్ 19వ తేదీ ఆదివారానికి కొన్నాం. మాంచెస్టర్‌లో ఉదయం 9 గంటలకు ఎక్కి, గల్ఫ్‌లో ఒక చోట మారి, సోమవారం తెల్లవారుజామున 2:40కి శంషాబాద్‌లో దిగాలి. రెండు మూడు గంటలు పడుకుని 9:30కి ఆఫీసులో కూర్చోవచ్చు.

సోమవారమే ఎందుకు కూర్చోవాలంటే అది 20వ తేదీ. నెలనెలా రిటర్న్ వేసేవాళ్ళకు జీఎస్టీఆర్-3బి, అంటే నెల జీఎస్టీ లెక్క చూపి పన్ను కట్టే రిటర్న్, వేయడానికి ఆఖరి రోజు. సెలవు అడిగినప్పుడే మా మేనేజర్ సర్ "20కి మాత్రం ఉండాలమ్మా" అన్నారు, నేను సరేనన్నాను.

ఆదివారం పొద్దున మాంచెస్టర్ విమానాశ్రయంలో అంతా సవ్యంగానే మొదలైంది. అమ్మకు వీల్‌చెయిర్ వచ్చింది, సెక్యూరిటీ అయింది, గేటు దగ్గర కూర్చున్నాం. తొమ్మిది కావస్తుండగా విమానంలో ఏదో సాంకేతిక లోపం ఉందని, ఇంజినీర్లు చూస్తున్నారని, గంట పడుతుందని చెప్పారు. ఆ గంటా గడిచింది. పది గంటలకు బోర్డు మీద కొత్త టైము ఏదీ రాలేదు. "తదుపరి సమాచారం 10:45కి" అని మాత్రం వేశారు.

అప్పుడు లెక్క వేసుకున్నాను. గల్ఫ్‌లో మాకు మధ్యలో ఉన్న వ్యవధి రెండు గంటల ముప్పై ఐదు నిమిషాలు. బయల్దేరడానికి 20 నిమిషాల ముందే గేటు మూసేస్తారు కాబట్టి చేతిలో ఉండేది రెండుంబావు. వీల్‌చెయిర్ ప్రయాణికులను చివరన దించుతారు, అక్కడ మళ్ళీ సెక్యూరిటీ ఉంటుంది, గేట్లు దూరం. వీటన్నిటికీ గంట తీసేస్తే మిగిలేది గంటంబావు. అందులో గంట ఇప్పటికే పోయింది. విమానం ఆ క్షణంలో బాగైపోయినా అంత పెద్ద విమానంలోకి జనాన్ని ఎక్కించడానికి నలభై నిమిషాలు పడుతుంది. అంటే కనెక్టింగ్ ఫ్లైట్ మిస్సయిందని ఎవరూ చెప్పలేదు గానీ, అందుకునే దారి నాకు కనిపించలేదు.

మాంచెస్టర్‌లో పది అంటే వేసవిలో మనకు మధ్యాహ్నం రెండున్నర.

అక్కకి ఫోన్ చేస్తే బావగారు అందుకుని, "ఇప్పుడే ఎందుకు చెప్పడం, ఆయన ఆదివారం పాడు చేయడం తప్ప? గల్ఫ్‌లో దిగాక తేలుతుంది కదా, అప్పుడు చెప్పు" అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. అందుకున్నామనుకోండి, అనవసరంగా కంగారు పెట్టినట్టవుతుంది. కానీ నేను గల్ఫ్‌లో దిగేసరికి మనకు రాత్రి పదకొండో పన్నెండో అవుతుంది. అప్పుడు పెట్టే మెసేజ్ సర్ పొద్దున ఏడింటికి చూస్తారు. ఆ తర్వాత ఆయనకు మిగిలేది ఆఫీసుకు పరుగెత్తడమే. అదే రెండున్నరకు చెబితే ఆదివారం మధ్యాహ్నం, సాయంత్రం మొత్తం ఆయన చేతిలో ఉంటుంది. ఒకసారి విమానం ఎక్కానంటే ఏడు గంటలు నేను ఎవరికీ దొరకను. చెప్పదలిస్తే ఇప్పుడే చెప్పాలి.

ముందు రాసిన మెసేజ్ చదువుకుంటే నాకే విసుగొచ్చింది. క్షమించండి అని రెండు సార్లు, అమ్మ మోకాళ్ళు, గేటు దగ్గర జనం, బోర్డు, అన్నీ ఉన్నాయి. ఆయనకు కావాల్సింది ఎక్కడో అడుగున ఉంది. అదంతా చెరిపేసి ఇలా పంపాను:

"సర్, నమస్తే. మాంచెస్టర్‌లో మా ఫ్లైట్ సాంకేతిక లోపం వల్ల ఇంకా బయల్దేరలేదు. గల్ఫ్‌లో కనెక్టింగ్ ఫ్లైట్ మిస్సయ్యేలా ఉంది. అందుకుంటే రేపు మామూలుగా 9:30కి వస్తాను. మిస్సయితే మధ్యాహ్నం లోపు రాలేను. రేపు 3బి ఉంది కాబట్టి నేను లేకుండానే పొద్దున పని నడిచేలా ఈ రోజే అనుకుంటే మంచిదనిపిస్తోంది. మీకు వీలున్నప్పుడు ఫోన్ చేయండి, ఇంకో గంటన్నర వరకు వైఫైలో ఉంటాను. మన టైము నాలుగున్నర లోపు ఏ సంగతో మళ్ళీ రాస్తాను."

ఇందులో ఆలోచించి పెట్టినవి రెండున్నాయి. టైములన్నీ మన టైములోనే రాశాను. బ్రిటన్ టైము ఒకటి, గల్ఫ్ టైము ఒకటి, టికెట్ మీద ఎక్కడి టైము అక్కడ. ఈ మూడింటినీ ఆయన మీద పడేస్తే ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటారో తేల్చుకోవడానికే పది నిమిషాలు పడుతుంది. రెండోది, మళ్ళీ ఎప్పుడు చెబుతానో రాయడం. అది లేకపోతే అవతలివాళ్ళు ఫోన్ పట్టుకుని ఎదురుచూడాలి, లేదా ఇంకే కబురూ లేదు కాబట్టి సర్దుకుందని అనుకోవాలి.

వాట్సాప్‌లో నీలం టిక్కులు కొంచెం ఆలస్యంగా పడ్డాయి. తర్వాత ఆయనే ఫోన్ చేశారు. వెనక ఏదో ఫంక్షన్ హాలు చప్పుడు, గిన్నెల మోత.

"ఏమ్మా, మెసేజ్ చూశాను. అసలు సంగతి చెప్పు, రేపు వస్తావా, రావా?"

"వస్తాను సర్, ఏ టైముకో ఇప్పుడు చెప్పలేను. 12 లోపు నేను లేననుకునే చూసుకోండి. ముందొస్తే మంచిదే."

ఆయన ఒక క్షణం ఆగి, "సరే, లేవనే అనుకుంటాను. నీ దగ్గర ఆగేవి ఏమున్నాయో చెప్పు" అన్నారు.

ఆ ప్రశ్న వేసే మేనేజరు దొరకడం అదృష్టమే. ఎందుకు లేటు, ముందు రోజే టికెట్ ఎందుకు కొనలేదు అని అడిగేవాళ్ళ దగ్గరా పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. అయితే ఆయన అడగకపోయినా జవాబు నేను సిద్ధం చేసుకునే ఉన్నాను. నేను లేకపోతే ఏవి ఆగుతాయి, ఏవి ఆగవు అన్నది బోర్డు వైపు చూస్తూనే మనసులో వేరు చేసుకున్నాను.

3బి అన్నది ఒక్క పనిలా కనిపిస్తుంది గానీ మా ఆఫీసులో అది మూడు చేతులు మారుతుంది. లెక్కల షీటు మా జూనియర్ అమ్మాయి సిద్ధం చేస్తుంది. 14వ తేదీకి పోర్టల్లో 2బి వస్తుంది, అంటే మాకు అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల జాబితా. దాన్ని మా కొనుగోళ్ళతో పోల్చి, ఎంత ఐటీసీ, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి క్రెడిట్, తీసుకోవచ్చో ఆ అమ్మాయి తేలుస్తుంది, నేను సరిచూస్తాను. తర్వాత కట్టాల్సిన పన్నుకు చలాన్ తీసి బ్యాంకులో డబ్బు కట్టాలి. చివరగా రిటర్న్ ఫైల్ చేయాలి. దానికి ఓటీపీ మా పెద్దసారుకు, అంటే భాగస్వామికి వస్తుంది. కాబట్టి ఫైలింగ్ నా కోసం ఆగదు. సరిచూడడం ఫోన్లో చేయొచ్చు. ఆగేది మధ్యలో ఉన్న బ్యాంకు పని.

కంపెనీ ఖాతాలకు నెట్‌బ్యాంకింగ్‌లో ఒకరు చెల్లింపు ఎంటర్ చేస్తారు, ఇంకొకరు ఆమోదిస్తారు. మేకర్, చెకర్ అంటారు. మేకర్‌ని నేను, చెకర్ సర్. మేకర్ లాగిన్‌కు ఓటీపీ నా నంబరుకు వస్తుంది. నేను సముద్రం మీద ఉంటే ఆ ఓటీపీ ఎవరికీ రాదు. ఇది చెప్పగానే సర్ కూడా ఒక్కసారి తగ్గారు. ఏం లేటయినా మధ్యాహ్నం దాకా ఆగుదామనే ఆయన అప్పటిదాకా అనుకుంటున్నారట.

నిజానికి 20వ తేదీ రాత్రి వరకు గడువుంది. ఒక రోజు దాటినా ఆకాశం విరిగి పడదు. లేట్ ఫీజు రోజుకు 50 రూపాయలు. నగదుగా కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఆ నెల మాకు దాదాపు తొమ్మిది లక్షలు, దాని మీద ఒక రోజు వడ్డీ 440 రూపాయల చిల్లర. డబ్బుగా చూస్తే ఇది లెక్కలోకి రాదు. కానీ రిటర్న్ ఏ తేదీన వేశామో పోర్టల్లో జీఎస్టీ నంబరు కొట్టి ఎవరైనా చూడొచ్చు, మా దగ్గర కొనే ఆసుపత్రుల వాళ్ళు చూస్తారు కూడా. పైగా ఆఖరి రోజు సాయంత్రం పోర్టల్ ఎంత నెమ్మదిగా నడుస్తుందో ఈ పనిలో ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అందుకే మధ్యాహ్నం లోపు ముగించడం మా అలవాటు. సర్‌తో ఇదే అన్నాను: "నేను సాయంత్రానికి వచ్చినా గడువు లోపలే సర్, కానీ నా ఒక్కదాని మీద పెట్టుకోవద్దు."

ఈలోపు సర్ జూనియర్ అమ్మాయిని కూడా లైన్లోకి తీసుకున్నారు. "అక్కా, మీరు ఎక్కేలోపు నాకు పాస్‌వర్డ్ చెప్పి ఓటీపీ కూడా చెప్పేయండి, నేను ఇప్పుడే ఎంటర్ చేసేస్తా" అంది. ఆదుర్దాలో తేలికగా తోచే దారి అదే. కుదరదన్నాను. నా లాగిన్‌తో ఎవరు ఏం చేసినా బ్యాంకు దృష్టిలో చేసింది నేనే, అందులోనూ తొమ్మిది లక్షలు. పైగా షీటు ఇంకా సరిచూడలేదు, అంకె మారొచ్చు. సర్ కూడా వద్దన్నారు. గోడౌన్ లెక్కలు చూసే సీనియర్ గారి పేరు బ్యాంకులో రెండో మేకర్‌గా ఉందని ఆయనకు గుర్తొచ్చింది. సీనియర్ గారికి అప్పుడే ఫోన్ చేస్తే, ఎప్పుడూ వాడకపోవడం వల్ల లాగిన్ లాక్ అయిపోయిందని తేలింది. దాన్ని తెరవాలంటే పెద్దసారు సంతకంతో లెటర్ బ్రాంచిలో ఇవ్వాలి.

ఇది సోమవారం పొద్దున పదింటికి బయటపడి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. పెద్దసారు సోమవారాలు ఊళ్ళో ఉండరు. ఆదివారం కాబట్టి ఇంట్లో ఉన్నారు. సాయంత్రం సీనియర్ గారు వెళ్ళి సంతకం తీసుకోవడం, సోమవారం బ్రాంచి తెరవగానే లెటర్ ఇవ్వడం, లాగిన్ తెరుచుకున్నాక చలాన్ కట్టడం అనుకున్నారు. ఫోన్ పెట్టేసేసరికి నా ఫ్లైటు సంగతి ఎవరికీ పెద్దగా గుర్తు లేదు. నాకూ కావాల్సింది అదే.

పదకొండున్నరకు కొత్త టైము ప్రకటించారు: 12:10. అంటే గల్ఫ్‌లో దిగేసరికి అక్కడి టైము రాత్రి 10:25. మా ఫ్లైట్ 9:50కే వెళ్ళిపోతుంది. గేటు దగ్గర కౌంటర్లో అడిగితే తర్వాతి విమానాలు రెండు చూపించారు. తెల్లవారుజామున వెళ్ళేది మనకు 8:45కి హైదరాబాద్ చేరుతుంది, అందులో ఒక్క సీటే ఉంది. ఉదయం పదింటిది మనకు మధ్యాహ్నం 2:50కి చేరుతుంది, అందులో ఇద్దరికీ ఉన్నాయి.

అమ్మ ఊరుకోదు కదా. "నువ్వు ముందు దానిలో వెళ్ళిపోవే, నీకు ఉద్యోగం. నన్ను ఎవరో ఒకరు కుర్చీలో తోసుకొచ్చి ఎక్కిస్తారులే" అంది. "సరేలే అమ్మా" అని, ఇద్దరికీ పదింటి ఫ్లైటే ఖాయం చేయమని కౌంటర్లో చెప్పాను.

ఆ ఒక్క సీటు సంగతి సర్‌కి రాయలేదు. దాచాలని కాదు. అది చెబితే అమ్మని వదిలి రమ్మనాలో వద్దనాలో తేల్చే బరువు ఆయన మీద వేసినట్టవుతుంది. వద్దంటే మంచివాడు, ఏమీ అనకపోతే కఠినుడు. ఆ నిర్ణయం నాది, తీసేసుకున్నాను. ఆయనకు కావాల్సింది దాని ఫలితం.

రెండో మెసేజ్ రాసే ముందు మళ్ళీ లెక్క వేశాను, ఈసారి దిగిన దగ్గర్నుంచి. 2:50 అన్నది విమానం గేటు దగ్గర ఆగే సమయం. ఆ టైము చెబితే వినేవాళ్ళు నాలుగింటికి ఆఫీసులో ఉంటుందని అనుకుంటారు, అది సహజం.  కానీ అందరూ దిగాక వీల్‌చెయిర్ వాళ్ళు దిగడానికి ఇరవై, ముప్పై నిమిషాలు. ఇమ్మిగ్రేషన్, సూట్‌కేసులు కలిపి గంటకు తక్కువ కాదు. నాలుగున్నరకు బయటపడితే, అమ్మని కూకట్‌పల్లిలో ఇంటి దగ్గర దించేసరికి ఆరు. అక్కణ్ణుంచి బేగంపేటలో ఆఫీసుకు వెళితే తాళం వేసే వాచ్‌మన్ ఎదురొస్తాడు. కాబట్టి "లేటుగా వస్తాను" అనడం అర్థం లేని మాట. రానని చెప్పడమే సరైనది. రాసింది ఇదీ:

"సర్, కనెక్టింగ్ మిస్ కావడం ఖాయమైంది. మాకు ఇచ్చిన కొత్త ఫ్లైట్ రేపు మధ్యాహ్నం 2:50కి హైదరాబాద్ చేరుతుంది. అమ్మ వీల్‌చెయిర్‌లో ఉంది కాబట్టి ఇంటికి చేరేసరికి ఆరవుతుంది. రేపు ఆఫీసుకు రాలేను, సెలవుగా వేసుకుంటాను. రేపు పొద్దున మన టైము 9 నుంచి 11 వరకు గల్ఫ్‌లో ఫోన్లో ఉంటాను, షీటు అప్పుడు సరిచూస్తాను. 11:30 నుంచి 3 వరకు దొరకను. మంగళవారం 9:30కి ఆఫీసులో ఉంటాను."

"ఓకే అమ్మా, జాగ్రత్తగా రండి" అని వచ్చింది. ఒక్క మాటలో చెప్పాలంటే "ఆలస్యం కావచ్చు" అన్న మొదటి మెసేజ్‌కి దొరికిన అరగంట ఫోనే మొత్తం పని. ఈ రెండోది కాగితం మీద ఎక్కించడం లాంటిది.

విమానం ఎక్కబోతూ కౌంటర్లో ఒక్క కాగితం అడిగాను. విమానం ఎంత ఆలస్యమైంది, కారణమేమిటి అని ఎయిర్‌లైన్ ఇచ్చే డిలే లెటర్. అక్కడికక్కడ ఇవ్వలేమని, తమ వెబ్‌సైటులో అడిగితే మెయిల్ చేస్తామని చెప్పారు. సరేనని పాత బోర్డింగ్ పాసులు పారేయకుండా పెట్టుకున్నాను. కౌంటర్లో తెర మీద ఆలస్యం కారణం రాసి ఉంటే ఫోటో తీసుకున్నాను. అది ఎందుకు పనికొచ్చిందో తర్వాత చెబుతాను.

గల్ఫ్‌లో దిగేసరికి మనకు అర్ధరాత్రి పన్నెండు. అమ్మ ఒళ్ళు నొప్పులతో వాలిపోతోంది. బయటి హోటలంటే వీసా గొడవ, అందుకని విమానాశ్రయం లోపలి హోటల్లోనే గది, భోజనం కూపన్లు ఇచ్చారు. కొత్త బోర్డింగ్ పాసులు చేతికొచ్చాక సర్‌కి ఒక్క వాక్యం పంపాను, పాసులు వచ్చాయి, రేపటి టైములో మార్పు లేదని. ఆ వేళ ఫోన్ చేయాల్సిన అవసరమే లేకపోయింది.

పొద్దున అక్కడి టైము ఏడున్నరకు, మనకు తొమ్మిది, గేటు దగ్గర కూర్చుని జూనియర్ అమ్మాయికి ఫోన్ చేశాను. తను స్క్రీన్ మీద షీటు ఫోటోలు పంపింది, ఒక్కో సరఫరాదారు పేరు చదువుతూ పోయాం. ఒక దగ్గర ఆపాను. నెల చివరి రోజు వేసిన ఒక పెద్ద బిల్లు 2బిలో ఉంది, తను ఐటీసీలో కలిపేసింది. "సరుకు ఎప్పుడొచ్చింది?" అని అడిగితే చూసి, "మే 3న అక్కా" అంది. బిల్లు పోర్టల్లో కనిపించినంత మాత్రాన క్రెడిట్ రాదు, సరుకు మన చేతికి వచ్చి ఉండాలి. మేం వేస్తున్నది ఏప్రిల్ రిటర్న్. ఆ మొత్తాన్ని ఈ నెల వెనక్కి వేసి, వచ్చే నెల మళ్ళీ తీసుకోమన్నాను. నగదుగా కట్టాల్సింది అరవై వేల చిల్లర పెరిగింది. ముందు రోజు హడావిడిగా పాత అంకెతో చలాన్ కట్టేసి ఉంటే దీని కోసం ఇంకో చలాన్ తీయాల్సి వచ్చేది.

ఆ తర్వాత సర్‌తో రెండు నిమిషాలు మాట్లాడాను. సీనియర్ గారు బ్యాంకులోనే ఉన్నారట, ఇంకా లాగిన్ తెరుచుకోలేదట. "తెరుచుకోకపోతే ఏం చేద్దాం?" అన్నారు. "సాయంత్రం ఆరు తర్వాత నా ఓటీపీ నాకు వస్తుంది సర్, ఇంటి నుంచి ఎంటర్ చేస్తాను, మీరు ఆమోదించండి. రాత్రి ఫైల్ చేద్దాం" అన్నాను. ఆయన సరేనన్నారు. మా విమానం వెళ్ళేసరికి ఆ సంగతి అలా తేలకుండానే ఉంది.

శంషాబాద్‌లో దిగి ఫోన్ ఆన్ చేయగానే జూనియర్ అమ్మాయి నుంచి మెసేజ్ ఉంది: "ఫైల్ అయింది అక్కా, ఏఆర్ఎన్ వచ్చింది, పీడీఎఫ్ గ్రూపులో పెట్టాను." లాగిన్ పదకొండున్నర దాటాక తెరుచుకుందట. డబ్బు కట్టి, పెద్దసారుకు ఫోన్ చేసి ఓటీపీ అడిగి, భోజనాల వేళకు ముగించారు. నేను సర్‌కి దిగామని, మంగళవారం వస్తున్నానని మాత్రం రాశాను. ఇంటికి చేరేసరికి ఆరు కాదు, ఆరుంబావు.

మంగళవారం హెచ్‌ఆర్‌లో చిన్న పేచీ వచ్చింది. సోమవారం ముందుగా అనుమతించిన సెలవు కాదు కాబట్టి ఆధారం కావాలన్నారు, లేకపోతే జీతం కోత అన్నారు. సర్‌కి పంపిన మెసేజ్‌లు చూపిస్తే, అవి మీ ఇద్దరి మధ్యవి, ఫైల్లో పెట్టడానికి కాగితం కావాలన్నారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అదీ నిజమే. నోటితో చెప్పినది మేనేజర్‌కి సరిపోతుంది, రిజిస్టర్‌కి సరిపోదు. పాత బోర్డింగ్ పాసు, కొత్త బోర్డింగ్ పాసు పక్కపక్కన పెట్టి కాపీ ఇచ్చాను. డిలే లెటర్ మెయిల్లో వచ్చాక దాన్నీ పంపాను. ఎర్న్‌డ్ లీవ్‌లో ఒక రోజు తగ్గించుకుని ముగించారు.

అదే లెటర్ ఇంకో పనికీ వచ్చింది. బ్రిటన్ నుంచి బయల్దేరే విమానం ఏ దేశపు ఎయిర్‌లైన్‌దైనా అక్కడి నష్టపరిహారం నియమం వర్తిస్తుంది. టికెట్ మొత్తం ఒకే బుకింగ్ అయితే ఆలస్యాన్ని చివరి గమ్యం దగ్గర లెక్కిస్తారు. మాకు అది పన్నెండు గంటల పైమాట. 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణంలో చివరి గమ్యానికి నాలుగు గంటలకు మించి ఆలస్యమైతే మనిషికి 520 పౌండ్లు. వాతావరణం లాంటి అసాధారణ కారణమైతే ఇవ్వరు గానీ, మామూలు సాంకేతిక లోపాన్ని అలా లెక్కించరు. అందుకే ఆ తెర ఫోటో. అమ్మ పేరున ఒకటి, నా పేరున ఒకటి క్లెయిము రాసి పెట్టాం. మొదట "పరిశీలిస్తున్నాం" అని జవాబొచ్చింది. దాని వెంట బావగారు పడ్డారు, ముందే చెప్పొద్దన్నందుకు ప్రాయశ్చిత్తం అని నవ్వుతూ.

ఆ వారంలోనే సర్ బ్యాంకుకు ఇంకో లెటర్ పెట్టించారు. సీనియర్ గారి లాగిన్ మళ్ళీ లాక్ కాకుండా నెలకొక చెల్లింపు ఆయనే ఎంటర్ చేయాలని తీర్మానించారు. దాంతో ప్రతి నెలా కరెంటు బిల్లు ఆయన వంతుకు వచ్చింది. "నువ్వు ఫ్లైట్ మిస్సయితే నాకు కరెంటు బిల్లు పడిందేంటమ్మా" అని ఆయన ఇప్పటికీ అంటూంటారు.